బకెట్ మీద పేరు రాసుకోండి

అందరికీ నమస్కారం. నేను ఫైనలియర్ ఈసీఈ. మన బ్రాంచికి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు స్వాగతం. పెద్ద విషయాలన్నీ ప్రిన్సిపాల్ గారు చెప్పేశారు. నాకు చిన్నవే మిగిలాయి.

అటెండెన్స్ 75 శాతం ఉండాలి. మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫైను కడితే 65 దాకా చూస్తారు. అంతకన్నా తగ్గితే సెమిస్టరే పోతుంది.

ల్యాబ్ రికార్డు మాత్రం ఏ వారానిది ఆ వారమే రాసి సంతకం పెట్టించుకోండి. ఫస్టియర్‌లో నేను పన్నెండు ప్రయోగాలూ ఒక్క రాత్రిలో, హాస్టల్ మెట్ల మీద కూర్చుని రాశాను. పొద్దున సార్ మొదటి పేజీ మీద వేలితో రుద్ది, అంటిన ఇంకు నాకే చూపించారు. ఏమీ అనలేదు. తిట్టి ఉంటేనే నయం!

హాస్టల్ వాళ్లు బకెట్ మీద పేరు పెయింటుతో రాసుకోండి. స్కెచ్ పెన్ను రాత రెండు స్నానాలకు చెరిగిపోతుంది, బకెట్ మూడో ఫ్లోర్‌లో తేలుతుంది. ఆదివారం మెస్‌కి పన్నెండున్నరకల్లా వెళ్లండి, ఒంటిగంటకు గ్రేవీయే.

ఎవరైనా ర్యాగింగ్ చేస్తే, మా బ్యాచ్ వాళ్లైనా సరే, యూజీసీ నంబరు 1800-180-5522కి ఫోన్ చేయండి.

సరే, బయట సమోసాలు చల్లారిపోతున్నాయి, పదండి.