నవజాత శిశువు సంరక్షణ: ఆశా కార్యకర్తల 3 రోజుల శిక్షణ – రికార్డింగ్ నుంచి రోజువారీ నోట్స్

శిక్షణకు రాలేకపోయిన అక్కల కోసం, వచ్చినవాళ్లు మళ్లీ ఓసారి చూసుకోవడం కోసం ఇది రాశాను. పరిచయాలు, భోజన విరామాలు, మాట సరిగా వినపడని భాగాలు వదిలేశాను. పక్కన ఇచ్చిన అంకెలు ఆ రోజు వీడియోలో గంటలు, నిమిషాలు. మొత్తం చూసే తీరిక లేకపోతే రెండో రోజు 00:35 నుంచి 01:20 వరకైనా తప్పక చూడండి.

మొదటి రోజు: ఇంటి సందర్శనలు, తల్లిపాలు

ఆసుపత్రిలో కాన్పయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్లాలి. ఇంట్లో కాన్పయితే వీటితో పాటు మొదటి రోజు కూడా వెళ్లాలి. పుట్టిన రోజునే ఒకటో రోజుగా లెక్కపెట్టాలి.

పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించాలి. తేనె, ఆముదం, పంచదార నీళ్లు ఏవీ వద్దు. బొడ్డుకు పసుపు, బూడిద రాయకూడదు, పొడిగా వదిలేస్తే చాలు. "మా అత్త ఒప్పుకోదు మేడమ్, ఏం చెప్పమంటారు?" అని ఒక అక్క అడిగింది (01:52). "అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకునే చెప్పమ్మా. కోడలికి ఒక్కదానికే చెప్తే ఆ మాట ఇంట్లో నిలబడదు" అన్నారు డాక్టర్ గారు. మన ఊళ్లలో ఇదే అసలు పని.

అభ్యాసం: జూలై 4న ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు సందర్శన తేదీలు రాయండి.
జవాబు: జూలై 6, 10, 17, 24, 31, ఆగస్టు 14.

రెండో రోజు: ఊపిరి లెక్క, ఒంటి వేడి

ఒకే బిడ్డ వీడియో చూపించి ఊపిరి లెక్కపెట్టమన్నారు. ఒక గ్రూపుకు 48, ఇంకో గ్రూపుకు 56, మూడో గ్రూపుకు 64 వచ్చాయి. మూడో గ్రూపు అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేసింది. పసిబిడ్డ ఊపిరి ఒకే తీరున ఉండదు. కాసేపు వేగంగా తీసుకుని, కొన్ని క్షణాలు నెమ్మదిస్తుంది. అందుకే నిమిషమంతా లెక్కపెట్టాల్సిందే. ఇంకొందరు పొట్ట పైకి లేచినప్పుడు ఒకటి, దిగినప్పుడు ఒకటి లెక్కపెట్టి మధ్యలో తికమకపడ్డారు. పైకి లేచి దిగితే కలిపి ఒకటే.

లెక్క ఎలా తీయాలో నర్సమ్మ బొమ్మ మీద చేసి చూపించారు (00:58). బిడ్డ ఏడవకుండా, పాలు తాగకుండా ఉన్నప్పుడే చూడాలి. చొక్కా పైకి తీసి, వాచీని పొట్ట పక్కనే పట్టుకోవాలి. అప్పుడు రెండూ ఒకే చూపులో కనిపిస్తాయి. 60 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే మళ్లీ ఓసారి లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే ప్రమాద సూచన. ఊపిరి తీసేటప్పుడు డొక్కలు బాగా లోపలికి పోతుంటే, లెక్క ఎంతున్నా ఆసుపత్రికి పంపాలి.

థర్మామీటరు చంకలో పెట్టాలి. 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లబడితే బిడ్డకు చలి పడుతున్నట్టు. వెంటనే తల్లి రొమ్ముల మధ్య, ఒంటికి ఒళ్లు తగిలేలా నిటారుగా పడుకోబెట్టి, టోపీ తొడిగి, పైన గుడ్డ కప్పాలి. పొట్ట కూడా చల్లగా ఉంటే ఇంకా ప్రమాదం. అలాగే కప్పి ఉంచుతూనే ఆసుపత్రికి బయలుదేరదీయాలి.

అభ్యాసం: జంటగా కూర్చుని ఇద్దరూ ఒకే బిడ్డ ఊపిరిని ఒకేసారి, నిమిషం పాటు లెక్కపెట్టండి. తేడా 2 కంటే ఎక్కువ వస్తే మళ్లీ చేయండి.

మూడో రోజు: బరువు, ప్రమాద సూచనలు, పంపడం

తూకం వేసే ముందు ఖాళీ సంచితో ముల్లు సున్నా మీద ఉందో లేదో చూసుకోవాలి. మొదటి రోజుల్లో బరువు కాస్త తగ్గడం మామూలే. పుట్టిన బరువులో పదో వంతు దాటి తగ్గినా, 14 రోజులకు పుట్టిన బరువుకు రాకపోయినా ఏఎన్‌ఎమ్‌కు చెప్పాలి. 2.5 కిలోల కంటే తక్కువతో పుట్టిన బిడ్డల మీద మరింత కన్నేసి ఉంచాలి.

పాలు తాగకపోవడం, ఒళ్లు వేలాడేయడం, ఫిట్స్, జ్వరం, మొదటి 24 గంటల్లోనే పచ్చబడటం, ఆ తర్వాత అరచేతులు, అరికాళ్ల దాకా పసుపు పాకడం, బొడ్డు చుట్టూ ఎర్రబడి చీము రావడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రేపటి దాకా ఆగొద్దు. 108కు ఫోన్ చేయండి. దారిలో కూడా బిడ్డ తల్లి ఒంటికి ఆనుకునే ఉండాలి. తాగగలిగితే పాలిస్తూ ఉండాలి.

అభ్యాసం: పుట్టినప్పుడు 2,900 గ్రాములు, 3వ రోజు 2,700, 14వ రోజు 2,720. ఏం చేస్తారు?
జవాబు: 3వ రోజున తగ్గింది 200 గ్రాములు, అంటే దాదాపు 7 శాతం. అప్పటికి కంగారు లేదు. 14వ రోజుకీ పుట్టిన బరువు రాలేదు కాబట్టి పాలు పట్టే తీరు చూసి, అదే రోజు ఏఎన్‌ఎమ్‌కు చెప్పాలి.

ఇంటి పని

1. మీ పరిధిలో ఈ నెల పుట్టిన ప్రతి బిడ్డకూ సందర్శన తేదీలు రాసి, ఆ కాగితం తల్లి దగ్గరే ఉంచండి.
2. ఇద్దరు బిడ్డల ఊపిరి, ఒంటి వేడి, బరువు చూసి ఫారంలో నింపండి. బిడ్డ ఏడుస్తున్నప్పుడు తీసిన లెక్క రాయొద్దు.
3. ఒక ఇంట్లో అత్తగారితో కలిపి బొడ్డు, ముర్రుపాల గురించి మాట్లాడి, ఆవిడ ఏమన్నారో ఆవిడ మాటల్లోనే రాసుకురండి.

ఫారాలు వచ్చే ఆశా డేకి తెండి. ఊపిరి లెక్క కుదరని వాళ్లు ఆ రోజు అరగంట ముందు రండి, బొమ్మ, వాచీ నా దగ్గర ఉంటాయి.