వెండర్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు: వాల్వ్ ఓవర్‌హాలింగ్, సేఫ్టీ వాల్వ్ టెస్టింగ్

విశాఖపట్నం,
19 జనవరి 2026

జనరల్ మేనేజర్ (ప్రొక్యూర్‌మెంట్) గారికి,
పరవాడ ప్లాంట్.

విషయం: మెకానికల్ మెయింటెనెన్స్ సర్వీసుల కేటగిరీలో వెండర్ రిజిస్ట్రేషన్ గురించి.

అయ్యా,

గాజువాక ఆటోనగర్‌లో 2011 నుంచి నడుస్తున్న మా సింహగిరి వాల్వ్ సర్వీసెస్ భాగస్వామ్య సంస్థను మీ వెండర్ల జాబితాలో చేర్చుకోవాలని ఈ దరఖాస్తు పెట్టుకుంటున్నాం. మీ పోర్టల్లో ఫారం నింపి, పత్రాలు అప్‌లోడ్ చేశాం. ఈ లేఖతో పాటు సంతకం, సీలు వేసిన ఒక సెట్ ఫైలు కూడా పంపుతున్నాం.

మేం అడుగుతున్నది రెండు పనులకే. ఒకటి, 12 అంగుళాల వరకు గేట్, గ్లోబ్, చెక్ వాల్వుల ఓవర్‌హాలింగ్. రెండోది, ఇన్‌లెట్ 6 అంగుళాల వరకు ఉన్న సేఫ్టీ వాల్వుల సర్వీసు, సెట్టింగ్, టెస్టింగ్. కంట్రోల్ వాల్వుల పొజిషనర్ పని మేం చేయం. లైన్ నడుస్తుండగా లీకు ఆపే పని కూడా చేయం. మీ ఫారంలో "మెకానికల్ జాబ్స్ అన్నీ" అనే పెట్టె ఉన్నా అందుకే టిక్ పెట్టలేదు.

పనితీరు, సామర్థ్యం

షెడ్డులో నీటి టెస్ట్ బెంచ్ 350 బార్ వరకు, సేఫ్టీ వాల్వుల నైట్రోజన్ బెంచ్ 100 బార్ వరకు పనిచేస్తాయి. వాల్వులను ఏపీఐ 598 ప్రకారం పరీక్షిస్తాం. ఉదాహరణకు 6 అంగుళాల క్లాస్ 150 డబ్ల్యూసీబీ గేట్ వాల్వుకు రేటింగ్ 285 పీఎస్ఐ. షెల్ టెస్టుకు దాని ఒకటిన్నర రెట్లు తీసుకుని, పై 25కి సరిచేస్తే 450 పీఎస్ఐ అవుతుంది. ఆ ఒత్తిడిని 60 సెకన్లు పట్టి ఉంచుతాం. ఆ తర్వాత సీట్ టెస్టు. బాడీ లోపల గాలి మిగిలితే గేజ్ ముల్లు నెమ్మదిగా దిగుతుంది, దాన్నే లీకు అనుకుని మంచి వాల్వును మళ్లీ విప్పేస్తారు. అందుకని నింపేటప్పుడు పైనున్న వెంట్‌లోంచి బుడగలు పూర్తిగా ఆగాకే వెంట్ మూస్తాం. గేజ్ పరిధి టెస్ట్ ఒత్తిడికి ఒకటిన్నర రెట్ల కంటే తక్కువ కాకుండా, నాలుగు రెట్లు మించకుండా చూసుకుంటాం.

సేఫ్టీ వాల్వుల్లో పాప్ అయ్యే ఒత్తిడి ఒక్కటే చూసి ట్యాగ్ కట్టేయడం మా పద్ధతి కాదు. సెట్ ఒత్తిడి 70 పీఎస్ఐ దాటిన వాల్వుకు తేడా 3 శాతం లోపు ఉండాలి. తర్వాత సెట్‌లో 90 శాతం ఒత్తిడి దగ్గర ఏపీఐ 527 ప్రకారం సీట్ బిగువు చూసి, నిమిషానికి ఎన్ని బుడగలు వచ్చాయో రిపోర్టులో రాస్తాం. సాఫ్ట్ సీట్ అయితే ఒక్క బుడగ కూడా రాకూడదు. స్ప్రింగ్ క్యాప్‌కు కట్టిన సీసం సీలు మీద మా గుర్తు నొక్కి, ఫొటో రిపోర్టుకు జత చేస్తాం.

సర్టిఫికెట్లు

ఐఎస్ఓ 9001:2015, ఐఎస్ఓ 45001:2018 రెండూ 2027 వరకు చెల్లుతాయి. గేజ్‌లను ప్రతి ఆరు నెలలకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో కాలిబ్రేట్ చేయిస్తాం. వాటిలో రెండింటి గడువు ఈ మార్చి 8తో ముగుస్తుంది, కొత్తవి రాగానే పోర్టల్లో మారుస్తాం. సీట్లపై స్టెల్లైట్ పూతకు ఏఎస్ఎంఈ సెక్షన్ 9 ప్రకారం డబ్ల్యూపీఎస్, పీక్యూఆర్ ఉన్నాయి. వెల్డర్లు ఇద్దరు. ఒక ప్రాసెస్‌ను ఆరు నెలలు వాడకపోతే వెల్డర్ అర్హత పోతుంది కాబట్టి, సర్టిఫికెట్ కాపీతో సరిపెట్టకుండా కంటిన్యుటీ లాగ్ కూడా పెట్టాం. మార్చిన ట్రిమ్, స్పిండిళ్లకు ఈఎన్ 10204 టైప్ 3.1 మెటీరియల్ సర్టిఫికెట్ ఇస్తాం.

చేసిన పనులు

గోప్యత ఒప్పందాల వల్ల క్లయింట్ల పేర్లు ఈ లేఖలో రాయలేదు. పర్చేజ్ ఆర్డర్లు (ధరలు కప్పి), కంప్లీషన్ సర్టిఫికెట్లు, మాట్లాడదగిన అధికారుల నంబర్లు అనుబంధం 6లో, సీల్ చేసిన కవర్‌లో ఉన్నాయి.

ఫార్మా సిటీలోని ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో 2022-23 నుంచి వరసగా మూడేళ్లు వార్షిక రేట్ కాంట్రాక్టు. రియాక్టర్ల మీది సేఫ్టీ వాల్వులు ఏడాదికి 164.

పోర్టు ప్రాంతంలోని లిక్విడ్ ట్యాంక్ టెర్మినల్‌లో 2024లో 11 రోజుల షట్‌డౌన్. 6 నుంచి 10 అంగుళాల గేట్ వాల్వులు 58. మొదటి టెస్టులో మూడు సీట్ దగ్గర కారాయి. ల్యాపింగ్ సరిగానే ఉంది గానీ, సీట్ రింగ్ మరలను ఉప్పుగాలి తినేయడంతో నీరు రింగ్ వెనకనుంచి వచ్చింది. రింగులు మార్చి మళ్లీ పరీక్షించాం, రెండు రిపోర్టులూ జతచేశాం. సముద్రపు గాలి తగిలే వాల్వులకు ఇప్పుడు రింగ్ విప్పి చూడడం కోటేషన్‌లోనే వేరే లైనుగా రాస్తున్నాం.

అచ్యుతాపురం సెజ్‌లోని ఒక కెమికల్ యూనిట్‌లో స్టీమ్ లైన్ సేఫ్టీ వాల్వులు 31. చిన్న పని, 2025లో పూర్తి.

జతచేసిన పత్రాలు

1. పార్ట్‌నర్‌షిప్ డీడ్, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ ధ్రువపత్రం, సంతకం చేసే భాగస్వామికి ఇచ్చిన అధికార పత్రం
2. సంస్థ పాన్, జీఎస్టీ ఆర్‌ఈజీ-06, గత 12 నెలల జీఎస్టీఆర్-3బీ
3. ఉద్యమ్ సర్టిఫికెట్
4. 2022-23 నుంచి 2024-25 వరకు ఆడిట్ అయిన బ్యాలెన్స్ షీట్లు, ఐటీ రిటర్నులు, యూడీఐఎన్ ఉన్న సీఏ టర్నోవర్ ధ్రువపత్రం
5. పేరు ముద్రించిన క్యాన్సిల్డ్ చెక్కు, బ్యాంక్ ధ్రువీకరణ లేఖ
6. క్లయింట్ల వివరాలు (సీల్ చేసిన కవర్)
7. ఈపీఎఫ్, ఈఎస్ఐ రిజిస్ట్రేషన్, మూడు నెలల చలాన్లు, సిబ్బంది 23 మంది జాబితా
8. ఐఎస్ఓ, కాలిబ్రేషన్, వెల్డింగ్ పత్రాలు, యంత్రాల జాబితా

వెరిఫికేషన్‌లో ఆగే చోట్లు

పాన్‌లో మా పేరు పూర్తిగా ఉంది, బ్యాంకు ఖాతాలో "సర్వీసెస్" మాట చివర్లో తెగిపోయింది. రూపాయి పంపి పేరు సరిచూసే మీ పద్ధతిలో ఇది తేడాగా కనపడొచ్చు. అందుకే చెక్కుతో పాటు బ్యాంక్ లేఖ పెట్టాం.

మా రెండో గోడౌన్ అచ్యుతాపురంలో ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాక అది అనకాపల్లి జిల్లా. జీఎస్టీలో మార్పించాం, కరెంటు బిల్లులో ఇంకా విశాఖపట్నం అనే వస్తోంది. రెండూ ఒకే చోటుకు సంబంధించినవని గమనించగలరు.

ఉద్యమ్ పాత కాపీలో మేం స్మాల్, ఇప్పటి కాపీలో మైక్రో. సంస్థ చిన్నదైపోలేదు. 2025 ఏప్రిల్ 1 నుంచి పరిమితులు పెరిగాయి: మైక్రోకు పెట్టుబడి 2.5 కోట్లు, టర్నోవర్ 10 కోట్లు. మా 2024-25 టర్నోవర్ 4.8 కోట్లు, యంత్రాల పెట్టుబడి 1.6 కోట్లు. ఏ సంవత్సరంలోనూ టర్నోవర్ 5 కోట్లు దాటలేదు కాబట్టి ఈ-ఇన్‌వాయిస్ మాకు వర్తించదు. డిక్లరేషన్ జతచేశాం.

చివరగా ఒక మనవి. మీ ఫారంలో చెల్లింపు గడువు 60 రోజులని ముందే నింపి ఉంది, మార్చడానికి వీలు లేదు. ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం పని అంగీకరించిన రోజు నుంచి 45 రోజులకు మించి గడువు రాసుకోకూడదు. ఆ గడువు దాటి, ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా చెల్లింపు జరగకపోతే, ఆ ఖర్చును మీరు ఆదాయపు పన్ను లెక్కలో చెల్లించిన ఏడాదే చూపుకోగలరు. కనుక మా కోడ్ సృష్టించేటప్పుడు 45 రోజులుగా నమోదు చేయించగలరని కోరుతున్నాం.

షెడ్డు తనిఖీకి సోమవారం నుంచి శనివారం వరకు ఏ రోజైనా రావచ్చు. రెండు రోజుల ముందు చెబితే మీరు పంపే వాల్వునే బెంచ్ మీద ఎక్కించి, మీ ఇంజనీర్ ఎదుటే టెస్ట్ చేసి చూపిస్తాం. ఆ టెస్టుకు డబ్బు తీసుకోం.

ఇట్లు,
మేనేజింగ్ పార్ట్‌నర్,
సింహగిరి వాల్వ్ సర్వీసెస్,
ఆటోనగర్, గాజువాక, విశాఖపట్నం.