ఈ నెల అద్దె విషయం, అంకుల్

అంకుల్, నమస్తే. పై పోర్షన్ నుంచి రాస్తున్నాను. ముందు అసలు సంగతి చెప్పేస్తాను, మిగతాది మీకు తీరిక దొరికినప్పుడు చదవండి. ఈ నెల అద్దె మొత్తం 5వ తేదీకి ఇవ్వలేకపోతున్నాను, జీతం ఇంకా పడలేదు. సగం మాత్రం 5న పొద్దున్నే మీ అకౌంటుకు వేస్తాను, మిగతా సగం 12వ తేదీ సోమవారం సాయంత్రం లోపు వేసేస్తాను.

ఫోన్ చేసి చెబుదామనే అనుకున్నాను. నిన్న రెండుసార్లు మీ నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను, మొహమాటం అంతే. పైగా ఫోన్లో అయితే నేను సగం చెప్పి సగం మింగేస్తాను, తేదీ సరిగ్గా చెప్పానో లేదో మీకూ నాకూ గుర్తుండదు. రాసి పెడితే 12 అన్నది 12గానే ఉంటుంది, రేపు నేను మాట మార్చడానికి కూడా ఉండదు.

జరిగిందేంటంటే, మాకు ప్రతి నెలా ఆఖరి పనిదినం రోజు మధ్యాహ్నానికల్లా జీతం పడిపోతుంది. ఈసారి సాయంత్రం దాకా మెసేజ్ రాలేదు. నాకొక్కడికే రాలేదేమో అనుకుని పక్క సీటు అతన్ని అడిగితే అతనూ ఫోన్ చేతిలో పట్టుకుని నన్ను అడగబోతున్నాడు. రాత్రి 9 దాటాక హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, ఒక పెద్ద క్లయింటు నుంచి రావాల్సిన డబ్బు ఆగిందట, అందరి జీతాలూ 9వ తేదీ శుక్రవారం వేస్తామని రాశారు. చివర్లో "మీ సహకారానికి ధన్యవాదాలు" అని కూడా ఉంది. మేమెప్పుడు సహకరిస్తామన్నామో తెలియదు కానీ, ధన్యవాదాలు మాత్రం ముందే చెప్పేశారు. ఆ మెయిల్ స్క్రీన్‌షాట్ ఈ మెసేజ్ కిందే పెడుతున్నాను. మీరు అడుగుతారని కాదు, ఊరికే నోటిమాటగా చెప్పినట్టు ఉండకూడదని.

జీతం 9న పడితే 12 ఎందుకంటున్నావు అని మీకు అనిపించొచ్చు. 9 అని వాళ్లు రాశారు గానీ ఏ టైముకో రాయలేదు, శుక్రవారం రాత్రి దాకా లాగారంటే శని ఆదివారాలు ఆఫీసులో అడగడానికి మనిషి ఉండడు. మీకు 9 అని చెప్పి, 10న ఇంకో మెసేజ్ పెట్టి, 11న మరొకటి పెట్టి, అలా రోజుకో తేదీ మార్చడం నాకిష్టం లేదు. అందుకే నేను ఖాయంగా నిలబడగలిగే తేదీ చెబుతున్నాను. 9నే పడితే ఆ రోజే వేసేస్తాను, 12 దాకా నా దగ్గర పెట్టుకోను.

ఒకవేళ ఆఫీసు వాళ్లు 9 కూడా తప్పితే? అదీ ఆలోచించాను. మా బావతో మాట్లాడి పెట్టుకున్నాను, 11వ తేదీ రాత్రికి నా జీతం పడకపోతే ఆయన సర్దుతానన్నాడు. కాబట్టి 12 అన్నది మా ఆఫీసు మీద ఆధారపడిన తేదీ కాదు, నా తేదీ. నిజం చెప్పాలంటే ఆయన్ని ఇప్పుడే అడిగి మొత్తం ఒకేసారి ఇచ్చేయొచ్చు కదా అని మీరు అనొచ్చు. ఆయనకూ పిల్లల ఫీజులు కట్టే నెల ఇది, వారం రోజుల తేడా కోసం ఆయన్ని ఇరకాటంలో పెట్టడం ఎందుకని ఆగాను. తప్పనిసరి అయితేనే అడుగుతాను.

సగం 5నే ఎందుకు ఇస్తానంటున్నానంటే, మొన్న నీళ్ల మోటారు పాడైనప్పుడు మెకానిక్ కోసం చూస్తూ కింద వరండాలో కూర్చున్నాం కదా, అప్పుడు మాటల్లో మీరన్నారు, 7న మీకు లోన్ వాయిదా కట్ అవుతుంది, అద్దె దానికే సరిపెడతాను అని. ఆ మాట నాకు గుర్తుంది. అందుకే నా సేవింగ్స్‌లో ఉన్నదాంట్లో ఇంటి ఖర్చుకు కాస్త ఉంచుకుని మిగతాదంతా లెక్క వేస్తే సరిగ్గా సగం అద్దె తేలింది. దాంతో మీ వాయిదాకు సరిపోతే మంచిదే. సరిపోకపోతే ఎంత తగ్గుతుందో మొహమాటం లేకుండా చెప్పండి, ఆ తగ్గింది మాత్రం 6లోపు బావని అడిగి తెస్తాను. మీ చెక్కు బౌన్సయి మీకు పెనాల్టీ పడే పరిస్థితి నా వల్ల రాకూడదు.

అగ్రిమెంటు కూడా తీసి చూశాను. 10వ తేదీ దాటితే ఆలస్య రుసుం అని మూడో పేజీలో ఉంది, సంతకం చేసేటప్పుడు ఇద్దరం చూసీ చూడనట్టు తిప్పేసిన పేజీ అది. మీరు తీసుకుంటానంటే కాదనను, రాసుకున్నదే కదా. ఈ ఇంట్లోకి వచ్చి రెండేళ్ల నాలుగు నెలలైంది, ఇప్పటిదాకా ఒక్కసారీ తప్పలేదు, ఈ ఒక్కసారికీ వదిలేస్తే సంతోషిస్తాను. అంతకంటే బతిమాలను. అడ్వాన్సులోంచి సర్దుకోండి అని కూడా అనడం లేదు, అది ఇల్లు ఖాళీ చేసేటప్పటి లెక్క, దాన్ని ఇప్పుడు కదిపితే తర్వాత మన ఇద్దరికీ తలనొప్పే.

కరెంటు బిల్లు మామూలుగానే కట్టేశాను, దాని గురించి ఆలోచించకండి. వంటింట్లో సింకు కింద పైపు కారుతోందని గత వారం చెప్పాను కదా, దానికీ దీనికీ సంబంధం లేదు. అద్దె లేటు చేస్తూ రిపేరు అడుగుతున్నాడేంటి అనుకుంటారేమోనని ఆ మాట ఎత్తడానికే ఇబ్బందిగా ఉంది, కానీ కింద పెట్టిన బక్కెట్ రోజుకు రెండుసార్లు నిండుతోంది. వీలున్నప్పుడు ప్లంబర్‌ని పంపండి, తొందరేం లేదు.

ఇంకొక్క చిన్న విషయం అంకుల్. అమ్మ వచ్చి పది రోజులైంది, మీరు చూసే ఉంటారు, పొద్దున మెట్ల మీద ఆంటీతో మాట్లాడుతూ ఉంటుంది. జీతం ఆగిన సంగతి అమ్మకు చెప్పలేదు. చెబితే ఆ రోజు నుంచి నిద్రపోదు, నా ఉద్యోగమే పోయిందనుకుని టెన్షన్ పడుతుంది, మందులు వేసుకోమన్నా ఖర్చెందుకంటుంది. అందుకని అద్దె మాట ఏదున్నా నాకే ఫోన్ చేయండి, పైకి వచ్చి అడగొద్దు. ఆంటీకి కూడా ఒక మాట చెబితే మేలు. ఉద్యోగానికి ఏమీ కాలేదు, రోజూ వెళ్తూనే ఉన్నాను, జీతం ఒక్కటే రాలేదు.

నేను సాయంత్రం 7 తర్వాత ఇంట్లోనే ఉంటాను. మీరు ఎదురుగా మాట్లాడదామంటే నేనే కిందికి వస్తాను. 5న డబ్బు వేయగానే ట్రాన్సాక్షన్ నంబరుతో మెసేజ్ పెడతాను, 12న కూడా అంతే. మీకు ఈ తేదీలు ఓకేనో కాదో ఇవాళ రాత్రికి ఒక్క ముక్క రాయండి, కాదంటే రేపు పొద్దున్నే బావకి ఫోన్ చేయాలి.