జనవరి–మార్చి ప్రచార బడ్జెట్: 3,00,000 రూపాయల కేటాయింపు ప్రతిపాదన

భాగస్వాములందరికీ నమస్కారం.

బరంపురం అప్పడాలు, వడియాలు, ఊరగాయలు ఆన్‌లైన్‌లో అమ్మడానికి మనం మొదలుపెట్టిన ఈ వ్యాపారానికి మూడు నెలల ప్రచారం నిమిత్తం ఉన్న 3,00,000 రూపాయలలో 1,20,000 సొంత కంటెంట్‌కు, 1,00,000 ప్రకటనలకు, 60,000 క్రియేటర్లకు కేటాయించి, 20,000 చేతిలో ఉంచుకోవాలని ప్రతిపాదిస్తున్నాను.

దసరాకు మనం 18,000 పెట్టి ఒకే పోస్టును బూస్ట్ చేస్తే లైకులు 1,100 వచ్చాయి గాని ఆర్డర్లు తొమ్మిదే వచ్చాయి. అంటే ఒక్కో ఆర్డరుకు 2,000 పడింది. అదే నెలలో, మేడ మీద పాత చీర పరిచి అమ్మ అప్పడాలు ఆరబెడుతూ, సగం ఆరినవాటిని అంచు పట్టి ఒక్కొక్కటే తిరగేస్తున్న 40 సెకన్ల వీడియో ద్వారా, పైసా ఖర్చు లేకుండా, దాని లింకు నుంచే 23 ఆర్డర్లు వచ్చాయి. సూరత్‌లో పనిచేస్తున్న గంజాం జిల్లా వాళ్లు, విశాఖలో స్థిరపడిన మన తెలుగువాళ్లు దాని కింద తమ వీధుల పేర్లు రాసుకున్నారు. పెద్ద వాటా కంటెంట్‌కే అడగడానికి కారణం ఇదే.

ఆ వాటాలో ఎడిటరుకు నెలకు 25,000 చొప్పున 75,000, మైకు, లైటు, ట్రైపాడ్‌లకు 15,000, వెబ్‌సైటు ఫొటోలకు, రాతపనికి 30,000 అవుతాయి. ప్రతి వీడియోకూ తెలుగు, ఒడియా రెండు సబ్‌టైటిళ్లూ ఉండాలి.

ప్రకటనలు జనవరిలో వద్దు. ఆ నెలలో బాగా ఆడిన వీడియోనే ఫిబ్రవరి నుంచి ప్రకటనగా నడుపుదాం. ప్రకటన ఖర్చుపై పడే 18 శాతం జీఎస్టీ కూడా ఈ లక్షలోంచే కట్టాలి కనుక ప్రకటనలకు మిగిలేది సుమారు 84,700. మన 499 రూపాయల పెట్టెపై సరుకు, ప్యాకింగ్, కొరియర్ పోను 190 మిగులుతుంది కనుక ఒక ఆర్డరుకు అంతకు మించి ఖర్చు పెట్టలేం. మెటా ప్రకటన కుదురుకోవడానికి ఒక యాడ్ సెట్‌కు వారానికి సుమారు 50 ఆర్డర్లు కావాలి, అంటే వారానికి 9,500. అందుచేత ఊరికొక యాడ్ సెట్ పెట్టి డబ్బు చీల్చకుండా, ఒక్కటే ఎనిమిది వారాలు నడిపితే 76,000 అవుతుంది. మిగిలిన 8,700 సైటుకు వచ్చి కొనకుండా వెళ్లినవారికి మళ్లీ చూపడానికి సరిపోతుంది. వరుసగా రెండు వారాలు ఆర్డరు ఖర్చు 190 దాటితే ప్రకటన ఆపేయాలి.

క్రియేటర్లలో లక్షల ఫాలోవర్లున్న ఒక్కరికే మొత్తం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. వంటలు చేసే చిన్న క్రియేటర్లు ఆరుగురికి 8,000 చొప్పున 48,000, శాంపిళ్లకు 12,000 ఇద్దాం. ఒక్కొక్కరికీ వేరే కూపన్ కోడ్ ఉండాలి. వీడియోను మూడు నెలలు మన ప్రకటనల్లో వాడుకునే హక్కు, అది చెల్లింపు ప్రచారమని స్పష్టంగా చూపే షరతు ఒప్పందంలో రాయించుకోవాలి.

చేతిలో ఉంచుకున్న 20,000 ఎటు వెళ్లాలో ఫిబ్రవరి 28న లెక్కలు చూసి నిర్ణయిద్దాం. ఎడిటరుకు జనవరి 1 నుంచి పని అప్పగించాలి కనుక, డిసెంబరు 20లోగా మీ అంగీకారం తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.