మూడో సెమిస్టర్ హాజరు లెక్క, అక్టోబర్ 31 వరకు: 75 శాతానికి తక్కువైన వాళ్లు

సార్లకి, మేడమ్‌లకి, ఈ లెక్క చూసే తల్లిదండ్రులకి నమస్కారం. అక్టోబర్ 31 వరకు మన పాలిటెక్నిక్‌లో 72 రోజులు క్లాసులు జరిగాయి, ఇంకా 18 ఉన్నాయి, మొత్తం 90. రిజిస్టర్లన్నీ దగ్గర పెట్టుకుని అర పూటలు కలిపి వేసిన లెక్క ఇది. పేర్లు పెట్టలేదు, రోల్ నంబర్లు చాలు.

| బ్రాంచ్ | మొత్తం | సగటు | 75, ఆపైన | 65 నుంచి 75 లోపు | 65 లోపు |
|---|---|---|---|---|---|
| సివిల్ | 54 | 81.4% | 43 | 8 | 3 |
| మెకానికల్ | 58 | 73.9% | 37 | 14 | 7 |
| ఎలక్ట్రికల్ | 60 | 82.0% | 50 | 8 | 2 |
| ఈసీఈ | 62 | 86.2% | 57 | 4 | 1 |
| కంప్యూటర్ | 64 | 84.7% | 56 | 6 | 2 |
| అందరూ కలిపి | 298 | | 243 | 40 | 15 |

పరీక్ష రాయాలంటే 75 శాతం కావాలి. 65కి, 75కి మధ్య ఉన్నవాళ్లు మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, ఫీజు కట్టి కాండోనేషన్ అడగొచ్చు. 65 కూడా లేకపోతే డిటెయినే, మళ్లీ అదే సెమిస్టర్ చదవాలి. 90 రోజుల మీద చూస్తే 75 శాతానికి 68 రోజులు, 65 శాతానికి 59 రోజులు వచ్చి ఉండాలి.

ఎర్ర గుర్తు (65 లోపు)

సివిల్: 12 (45 రోజులు, 62.5%), 31 (42, 58.3%), 40 (38, 52.8%)
మెకానికల్: 7 (46, 63.9%), 15 (44, 61.1%), 22 (43, 59.7%), 29 (41, 56.9%), 33 (39, 54.2%), 46 (46, 63.9%), 51 (27, 37.5%)
ఎలక్ట్రికల్: 18 (45, 62.5%), 44 (40, 55.6%)
ఈసీఈ: 60 (36, 50.0%)
కంప్యూటర్: 9 (44, 61.1%), 57 (46, 63.9%)

వీళ్లలో సివిల్ 40, మెకానికల్ 33, 51, ఎలక్ట్రికల్ 44, ఈసీఈ 60 ఈ ఐదుగురూ మిగిలిన 18 రోజులూ వచ్చినా 65 దాటరు. ఎలక్ట్రికల్ 44 ఒక్క రోజు తేడాతో పోతున్నాడు, 58 దగ్గర ఆగిపోతాడు, ఆ రిజిస్టర్ నేను రెండుసార్లు చూశాను, హెచ్‌ఓడీ గారు కూడా ఓసారి చూడండి. మిగతా పది మందికి ఇంకా దారి ఉంది. మెకానికల్ 29 మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు, 46 రోజులు ఉన్నవాళ్లు 18లో కనీసం 13 రావాలి.

పసుపు గుర్తు (65 నుంచి 75 లోపు, 40 మంది)

వీళ్లలో 50 నుంచి 53 రోజులు వచ్చినవాళ్లు 22 మంది, వీళ్లు కాండోనేషన్ అవసరం లేకుండానే 75కి చేరొచ్చు. 53 ఉంటే ఇంకో 15 రోజులు చాలు, 50 ఉంటే మొత్తం 18 రావాలి. 47, 48, 49 దగ్గర ఉన్న 18 మందికి 75 ఎలాగూ అందదు, కానీ మిగిలిన రోజులు మానేస్తే 65 కూడా జారిపోతుంది, కాబట్టి కాగితాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి, చివరి వారంలో డాక్టర్ల చుట్టూ తిరగొద్దు.

మెకానికల్ సంగతి వేరుగా చెప్పాలి. ఆ క్లాసులో లంక ఊళ్ల నుంచి వచ్చే పిల్లలు ఎక్కువ. ఆగస్టులో గోదావరి వచ్చినప్పుడు కాలేజీకి సెలవిచ్చిన రోజులు 72లో లేవు, కానీ నీళ్లు తీసినట్టే కనిపించి మేం క్లాసులు మొదలుపెట్టేశాక కూడా కనకాయలంక కాజ్‌వే లాంటివి మునిగే ఉన్నాయి, అటు పిల్లలు పడవల కోసం చూస్తూ ఉండిపోయారు, వాళ్లకి ఆబ్సెంట్ పడింది. దానికి వేరే మినహాయింపు లేదు, అది నాకు బాధగానే ఉంది. ఇంకొంతమంది రాత్రి రొయ్యల చెరువు పట్టుబడికి వెళ్లి పొద్దున లేవలేక మొదటి పూట పోగొట్టుకుంటున్నారు. ఇంటి పరిస్థితి అర్థమవుతుంది, కానీ ఆ రాత్రి కూలి కోసం మొత్తం సెమిస్టర్ పోతోందని వాళ్ల నాన్నలకి మనమే ఫోన్ చేసి చెప్పాలి.

తల్లిదండ్రులకి ఒక్క మాట. సార్వా కోతలు మొదలవుతున్నాయి, మీ వాడి నంబర్ పైన ఉంటే ఈసారికి కళ్లానికి పిలవకండి. ఎర్ర గుర్తు ఉన్న పదిహేను మంది తరఫున పెద్దవాళ్లెవరైనా నవంబర్ 5 లోపు వచ్చి క్లాస్ టీచర్‌ని కలవండి, ఐదుగురి విషయంలో మళ్లీ చేరడం ఎలాగో కూడా అప్పుడే మాట్లాడదాం. లెక్కలో తేడా ఉందనిపిస్తే 8వ తారీఖు లోపు ఏ రోజు, ఏ పూటో కాగితం మీద రాసి ఆఫీసులో ఇవ్వండి, రిజిస్టర్ తీసి మీ ముందే చూపిస్తాం. మెడికల్ సర్టిఫికెట్లు 12 వరకు తీసుకుంటాం. క్లాస్ టీచర్లు ఇకనుంచి ఏ రోజు హాజరు ఆ రోజు సాయంత్రానికే నాకు పంపండి.