నగర నిర్మాణ సిద్ధాంతాలు: ఒక్క పేజీ పోలిక పట్టిక

ఎంఏ సోషియాలజీ, నగర సమాజశాస్త్రం, యూనిట్ 3 రీడింగ్. శుక్రవారం సెమినార్‌కి మన గ్రూప్ పట్టిక ఇది. ఎ4 కాగితం అడ్డంగా పెట్టి ప్రింట్ తీసుకోండి.

అందరినీ అడిగే ప్రశ్న ఒక్కటే: నగరంలో ఎవరు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఏది? దీనికి జవాబు కాని వివరాలను రీడింగ్‌లోనే వదిలేశాను.

| | బర్జెస్, 1925: ఏకకేంద్ర వలయాలు | హోయిట్, 1939: సెక్టార్లు | హారిస్, ఉల్‌మన్, 1945: బహుకేంద్రాలు | హార్వే, కాస్టెల్స్, 1970లు: రాజకీయ ఆర్థిక దృక్పథం |
|---|---|---|---|---|
| జవాబు | స్థలం కోసం పోటీ. వ్యాపార కేంద్రం చుట్టూ ఐదు వలయాలు. కొత్తగా వచ్చినవాళ్లు కేంద్రం పక్కనున్న పరివర్తన వలయంలో దిగి, కాస్త నిలదొక్కుకున్నాక బయటికి మారతారు. | ఎక్కువ అద్దె ఇచ్చుకోగలవాళ్లు. వాళ్లు ఎటు కదిలితే ఖరీదైన పేటలు రోడ్ల వెంట అటే సాగుతాయి. | పనుల స్వభావం. రేవు, ఫ్యాక్టరీ, యూనివర్సిటీ వేటికవే కేంద్రాలై చుట్టూ పేటలు పెంచుకుంటాయి. | పెట్టుబడి, ప్రభుత్వం. ఏ పేట పెరగాలో, ఏది పాడుబడాలో తేలేది అక్కడే. |
| ప్రమేయాలు | నేల చదును. కేంద్రం ఒక్కటే. వలసలు ఆగవు. మొక్కల్లో ఒక జాతి ఇంకో జాతి చోటు ఆక్రమించినట్టే మనుషులూ (ఇది మర్చిపోవద్దు, మిగతావన్నీ దీని మీదే నిలబడ్డాయి). | కేంద్రం ఒక్కటే గానీ దారులన్నీ సమానం కావు. ఉన్నవాళ్లు ఎంచుకుంటారు, మిగిలింది మిగతావాళ్లకు. | కొన్ని పనులకు ప్రత్యేక వసతి కావాలి. ఒకే తరహావి దగ్గర చేరితే లాభం. కొన్నిటికి ఒకదాని పొడ ఒకదానికి గిట్టదు. కొన్ని మంచి చోటు అద్దె భరించలేవు. | స్థలం సరుకు. దాని మార్కెట్ తటస్థం కాదు. |
| ఆధారం | షికాగో. అక్కడా సరస్సు అడ్డం, వలయం సగమే. | 142 అమెరికా నగరాల ఇంటి అద్దెలు. | అమెరికా నగరాలు. | బాల్టిమోర్, ఫ్రాన్స్ నగరాలు. |
| విమర్శలు | 1945లో ఫైరీ బోస్టన్ చూపించాడు: నగర కేంద్రం పక్కనే ఉన్నా బీకన్ హిల్ సంపన్న కుటుంబాలు కదల్లేదు. మమకారం, ప్రతిష్ఠ పోటీ లెక్కలోకి రావు. | అద్దె తప్ప వేరే ఏదీ చూడదు. పని చేసింది ఫెడరల్ గృహనిర్మాణ సంస్థ కోసం. నల్లజాతి పేటల్లో రుణాలకు హామీ నిరాకరించిన సంస్థ అది. వివక్షను మార్కెట్ తీర్పులా చూపే ప్రమాదం. | వర్ణన బాగుంది, వివరణ తక్కువ. ఏ నగరానికైనా అతుకుతుంది కాబట్టి తప్పని తేల్చడం కష్టం. | అంతా పెట్టుబడికే కట్టేస్తుంది. కులం, జెండర్ వెనక్కి పోతాయి. 1983 నాటికి కాస్టెల్స్ తానే వర్గం ఒక్కటీ చాలదన్నాడు. |
| విశాఖలో | ఒకవైపు సముద్రం, అటూ ఇటూ కొండలు. వలయం గీయడానికే చోటు లేదు. | బీచ్ రోడ్, ఎంవీపీ కాలనీ, రుషికొండ: తీరం వెంట సాగిన ఖరీదు. బాగా అతుకుతుంది. | పోర్టు 1933, షిప్‌యార్డ్ 1941, రిఫైనరీ 1957, గాజువాక పక్కన స్టీల్‌ప్లాంట్. మ్యాపు మీద గెలిచేది ఇదే. | స్టీల్‌ప్లాంట్ భూసేకరణ, నిర్వాసితుల కాలనీలు. |

పట్టికలో పట్టని మాటలు

మ్యాపు చూడగానే బహుకేంద్ర సిద్ధాంతానికి ఓటేయాలనిపిస్తుంది. కానీ దాని నాలుగు ప్రమేయాలూ కేంద్రం ఎందుకు నిలుస్తుందో చెబుతాయి గానీ ఎవరు తెచ్చిపెట్టారో చెప్పవు. విశాఖ కేంద్రాలు చాలావరకు సర్కారు నిర్ణయాలు. పోర్టు బ్రిటిష్ కాలానిది. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో ఉద్యమం జరిగింది, 1971లో శంకుస్థాపన. అద్దెల పోటీలో గాజువాక గెలిచి తెచ్చుకున్నది కాదు. మొదటి మూడు సిద్ధాంతాలూ భూమి అమ్మకం, కొనుగోలుతో చేతులు మారుతుందనే అనుకున్నాయి. భూసేకరణ నోటీసుకు వాటి దగ్గర గడి లేదు. అందుకే నా మొగ్గు నాలుగో నిలువు వరస వైపు.

అలాగని అది అన్నిటికీ సరిపోదు. పెద జాలారిపేటను తీసుకోండి. అంత ఖరీదైన తీరం పక్కన మత్స్యకారుల పేట ఇంకా ఉంది. హోయిట్ ప్రకారం ఎప్పుడో ఖాళీ కావాలి. ఫైరీ అయితే మమకారం అంటాడు, కొంత నిజమే. కానీ పడవ, వల దగ్గరుండాలి, వేట తీరాన్ని వదలదు, కులం కూడా అందరినీ ఒకచోట కలిపి ఉంచుతుంది. కులం గురించి ఈ నాలుగు సిద్ధాంతాల్లో ఏదీ మాట్లాడదు. సార్ తప్పకుండా అడిగేది ఇదే, ముందే ఆలోచించుకుని రండి.

ఒక జాగ్రత్త: హార్వేనూ కాస్టెల్స్‌నూ ఒకే గడిలో పెట్టింది చోటు చాలకే. హార్వే చూపు పెట్టుబడి భూమిలోకి, భవనాల్లోకి ఎలా మళ్లుతుందన్నదాని మీద. కాస్టెల్స్ చూపు ఇళ్లు, రవాణా, బడుల కోసం జనం ప్రభుత్వంతో చేసే పోరాటాల మీద. చెప్పేటప్పుడు ఇద్దరినీ కలిపేయొద్దు.