హైదరాబాద్ నగర చరిత్ర: ఫైనల్ గ్రేడ్ లెక్క ఎలా ఉంటుందంటే

బి.ఏ. రెండో సంవత్సరం, నాలుగో సెమిస్టర్ విద్యార్థులకు,

మొదటి వారం నుంచీ క్లాసులో ఒకటే ప్రశ్న వస్తోంది: "మేడమ్, ఇది మార్కులకు వస్తుందా?" ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మీలో కొందరికి స్కాలర్‌షిప్ ఈ గ్రేడ్ మీదే ఆధారపడి ఉంది, ఇంకొందరు పీజీ ఎంట్రన్స్‌కు చూసుకుంటున్నారు. అందుకే మార్కులు ఎక్కడ వస్తాయో, ఎందుకు వస్తాయో ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. సెమిస్టర్ మధ్యలో ఈ లెక్క మారదు.

మొత్తం 100 మార్కులు. అందులో 50 ఇంటర్నల్, 50 సెమిస్టర్ పరీక్ష. ఇంటర్నల్‌లో ఫీల్డ్ నోట్‌బుక్‌కు 20, మిడ్ పరీక్షలకు 15, సెమినార్‌కు 10, హాజరుకు 5.

హాజరు సంగతి ముందు చెప్పేస్తాను. 75 శాతం లేకపోతే హాల్‌టికెట్ రాదు. అది కాలేజీ నియమం, అందులో నా చేతిలో ఏమీ లేదు. 75 దాటితే 1 మార్కు, 80 దాటితే 2, 85కు 3, 90కి 4, 95కు 5. క్లాసుకు వచ్చి కూర్చున్నంత మాత్రాన చరిత్ర వచ్చేసిందని నేను అనుకోను, అందుకే దీనికి ఐదే మార్కులు పెట్టాను. ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్ వైపు నుంచి ఆర్టీసీ బస్సుల్లో వచ్చేవాళ్లు పది నిమిషాలు ఆలస్యమైనా హాజరు వేస్తాను. రాత్రి డ్యూటీలు చేసి ఉదయం క్లాసుకు వచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారని నాకు తెలుసు. హాజరు తగ్గేలా ఉంటే తగ్గకముందే వచ్చి చెప్పండి. షార్టేజ్ లిస్ట్ నోటీస్ బోర్డు ఎక్కాక నేను చేయగలిగింది చాలా తక్కువ.

మిడ్ పరీక్షలు రెండు, ఒక్కొక్కటి 15 మార్కులకు. రెండింటినీ కలిపి సగం చేయను. ఎక్కువ వచ్చిన దాన్ని రెండుసార్లు, తక్కువ వచ్చిన దాన్ని ఒకసారి లెక్కేసి మూడుతో భాగిస్తాను. మొదటి మిడ్‌లో 9, రెండో దాంట్లో 12 వచ్చాయనుకోండి: 12, 12, 9 కలిపితే 33, మూడో వంతు 11. మామూలు సగటు అయితే 10.5 వచ్చేది. ఒక రోజు జ్వరంతో రాసిన పరీక్ష సెమిస్టర్ అంతా మిమ్మల్ని వెంటాడకూడదని ఈ పద్ధతి పెట్టాను. అలాగని ఒక మిడ్ ఎగ్గొట్టి రెండో దాని మీద ఆశ పెట్టుకోవద్దు, రాయని మిడ్‌కు సున్నా పడి ఆ సున్నా కూడా లెక్కలోకి వస్తుంది. ఆసుపత్రి కాగితం ఉన్నవాళ్లకు, ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లినవాళ్లకు మళ్లీ పెడతాను.

ఇక నోట్‌బుక్. దీని గురించే ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఈ కోర్సు నేర్పాల్సిన పని అంతా అందులోనే కనబడుతుంది. గైడు బట్టీ పట్టి దీంట్లో మార్కులు తెచ్చుకోవడం కుదరదు.

నాలుగు చోట్లకు వెళ్తాం: పురానాపూల్, ఉస్మానియా ఆసుపత్రి వెనక మూసీ ఒడ్డు, కోఠీ రెసిడెన్సీ, అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. ఒక్కోచోటికి 5 మార్కులు. ఆ అయిదింటిలో మీ కళ్లతో చూసింది చూసినట్టు రాస్తే 2, అక్కడ మీకు పుట్టిన ప్రశ్నకు 1, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఏ ఆధారం దగ్గరికి వెళ్లారో, అది ఎంతవరకు నమ్మదగిందో రాస్తే 2.

ఇది మాటల్లో చెబితే అర్థం కాదు కాబట్టి పురానాపూల్‌నే తీసుకుందాం. ఒక పేజీ ఇలా ఉందనుకోండి: "పురానాపూల్‌ను 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో నిర్మించారు. ఇది కుతుబ్‌షాహీల కీర్తికి నిదర్శనం. ఎంతో అందంగా ఉంది." తప్పేమీ లేదు, కానీ ఇది ఇంట్లో మంచం మీద కూర్చుని రాయొచ్చు. అయిదుకు 1 ఇస్తాను.

ఇంకో పేజీ: "ఉదయం ఎనిమిదింటికి వెళ్లాం. వంతెన మీద బండ్లు తిరగవు, రెండు పక్కలా కూరగాయల గంపలు. కింద కమానుల రాళ్ల మీద నీటి చారలు ఒక ఎత్తు వరకు ఉన్నాయి. టమాటాలు అమ్మే ఆమె తన అత్త కూడా ఇక్కడే కూర్చునేదని చెప్పింది. భాగమతి కోసం యువరాజు వరదలో నది దాటాడని, అందుకే తండ్రి ఈ వంతెన కట్టించాడని అక్కడున్న ముసలాయన చెప్పాడు. కానీ ఆ యువరాజు, మహమ్మద్ కులీ, పుట్టింది 1565లో. అంటే వంతెన పూర్తయ్యేనాటికి పదమూడేళ్లు. మరి ఈ కథ ఎప్పటి నుంచి చెప్పుకుంటున్నారు?" ఈ పేజీకి చూసినందుకు 2, ప్రశ్నకు 1 వెంటనే పడతాయి. ఆ తర్వాత ఆ కథ మొదట ఏ రచనలో కనబడుతుందో వెతికి, ఆ రచయిత వంతెన కట్టిన కాలానికి ఎంత దూరంలో ఉన్నాడో ఒక్క పేరా రాస్తే మిగతా 2 కూడా ఇస్తాను. జవాబు దొరక్కపోయినా ఇస్తాను. ఎక్కడెక్కడ వెతికారో రాయండి చాలు.

ఇందులో ముసలాయన చెప్పిన కథను కొట్టిపారేయమని నేను అనడం లేదు. నగరం తన గురించి తాను ఏం చెప్పుకుంటుందో అదీ చరిత్రకారులకు కావలసిందే. కానీ కథను కథగా, తేదీని తేదీగా వేరు చేసి పెట్టడం మీ పని. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదకూ ఇదే వర్తిస్తుంది. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నవాళ్ల సంగతి మీ అందరూ వినే ఉంటారు. అక్కడికి వెళ్లినప్పుడు చెట్టు దగ్గర నిలబడి నది ఎంత దూరంలో ఉందో, నేల ఎటు వాలుగా ఉందో చూడండి. వరద తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మీ ఇంటి నల్లాలో ఆ నీళ్లు వచ్చాయో లేదో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసినా ఆధారమే, ఎవరిని ఎప్పుడు అడిగారో రాస్తే.

నోట్‌బుక్‌ను నీట్‌గా ఫెయిర్ చేయొద్దు. అక్కడే నిలబడి రాసిన చేతిరాత, కొట్టివేతలు, చెమట మరకలు ఉన్నా పరవాలేదు. అందమైన రాతకు మార్కు లేదు. ఫోన్ ఫోటోలు అతికించొచ్చు కానీ ఫోటో కింద రెండు మాటలు రాయకపోతే దాన్ని లెక్కలోకి తీసుకోను. పక్కవాళ్ల పేజీ చూసి రాస్తే తెలిసిపోతుంది, ఇద్దరికీ ఆ చోటి మార్కులు పోతాయి. ఏదైనా ఒక చోటి పేజీలను ఒక్కసారి తిరిగి రాసి ఇచ్చే వీలు ఉంది. రెండింటిలో ఎక్కువ వచ్చిందే ఉంచుతాను.

సెమినార్ నలుగురి గ్రూపుతో. 10లో 4 గ్రూపు మొత్తానికి, 6 ఎవరివి వాళ్లకి. పీపీటీ రంగులకు మార్కులు లేవు. మీ వంతు అయ్యాక క్లాసు అడిగే ప్రశ్నలకు మీరేం చెబుతారో చూస్తాను. ముగ్గురు కష్టపడి నాలుగోవాళ్లు చివరి స్లైడ్ చదివి కూర్చుంటే ఆ ఒక్కరి 6 మార్కులే పోతాయి, మిగతావాళ్లకు నష్టం రాదు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్, దక్కనీ, ఏ భాషలో మాట్లాడినా ఒకటే. పాలమూరు యాసలో మాట్లాడితే నవ్వుతారేమోనని పోయిన వారం ఒకమ్మాయి నోరు విప్పలేదు. నా క్లాసులో యాసను చూసి నవ్వడం కుదరదు. ఇది అందరూ గుర్తుపెట్టుకోండి.

సెమిస్టర్ పరీక్ష 50 మార్కులు, మూడు గంటలు. చిన్న ప్రశ్నలు అయిదు, నాలుగేసి మార్కులు. పెద్దవి అయిదింటిలో మూడు రాయాలి, పదేసి మార్కులు. పేపర్ బయటివాళ్లు సెట్ చేస్తారు, జవాబుపత్రాలు కోడ్ నంబర్లతో వాల్యుయేషన్‌కు వెళ్తాయి. ఎవరు రాసింది ఏదో దిద్దేవాళ్లకు తెలియదు, నాకూ తెలియదు. ఇక్కడొక మాట జాగ్రత్తగా చదవండి. పాస్ కావాలంటే మొత్తం 100లో 40 రావాలి, దాంతోపాటు ఈ పరీక్షలో 50కి కనీసం 20 రావాలి. ఇంటర్నల్‌లో 44, పరీక్షలో 17 వస్తే మొత్తం 61 అయినా ఫెయిలే. ఇంటర్నల్ బాగుంది కదా అని పరీక్ష ముందు పుస్తకం మూసేసేవాళ్లకు వచ్చే బ్యాక్‌లాగ్ ఇదే.

గ్రేడ్ ఇలా పడుతుంది: 90, ఆపైన ఓ, పది పాయింట్లు. 80 నుంచి ఏ ప్లస్, తొమ్మిది. 70 నుంచి ఏ, ఎనిమిది. 60 నుంచి బి ప్లస్, ఏడు. 50 నుంచి బి, ఆరు. 40 నుంచి సి, అయిదు. అంతకు కింద ఎఫ్, సున్నా. మొత్తంలో అర మార్కు వస్తే పైకి కలుపుతాం.

ఒక లెక్క వేసి చూద్దాం. హాజరు 88 శాతం, 3 మార్కులు. మిడ్‌లు పైన చెప్పినట్టు 11. నోట్‌బుక్‌లో 3, 4, 4, 5, మొత్తం 16. సెమినార్‌లో గ్రూపుకు 3, సొంతంగా 4, కలిపి 7. ఇంటర్నల్ 37. పరీక్షలో 31. మొత్తం 68, బి ప్లస్. ఈ విద్యార్థి పురానాపూల్ పేజీలు తిరిగి రాసి 3 ఉన్నచోట 5 తెచ్చుకుంటే 70 అవుతుంది, గ్రేడ్ ఏ. మన కోర్సుకు 4 క్రెడిట్లు కాబట్టి 28 ఉన్నచోట 32 పడతాయి. సెమిస్టర్ మొత్తం 20 క్రెడిట్లు, అంటే ఒక నోట్‌బుక్ పేజీతో ఎస్‌జీపీఏ 0.2 పెరిగినట్టు.

ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ చేసే ముందు క్లాసులో ప్రతి ఒక్కరికీ విడివిడిగా చూపిస్తాను, చూసుకుని సంతకం పెట్టాలి. కూడికలో తేడా ఉన్నా, ఏ మార్కు ఎందుకు తగ్గిందో అర్థం కాకపోయినా అప్పుడే అడగండి. అడిగినందుకు మార్కు తగ్గదు. "ఒక్క మార్కు వేయండి మేడమ్" అని మాత్రం అడగొద్దు. మీ పక్కన కూర్చున్నవాళ్లు అదే మార్కుకు నోట్‌బుక్ తిరిగి రాసి ఉంటారు. అప్‌లోడ్ అయ్యాక మార్చడానికి నాకు వీలుండదు. సెమిస్టర్ పరీక్ష మార్కుల మీద అనుమానం ఉంటే రీవాల్యుయేషన్‌కు ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి.

వచ్చే శనివారం ఉదయం ఎనిమిదింటికి పురానాపూల్ దర్వాజా దగ్గర కలుద్దాం. రూళ్ల నోట్‌బుక్, పెన్ను, నీళ్ల సీసా తెచ్చుకోండి. కూరగాయలు అమ్మేవాళ్ల దారికి అడ్డం నిలబడొద్దు, ఫోటో తీసే ముందు అడగండి. శనివారం రాలేనివాళ్లు ఆ వారంలోనే విడిగా వెళ్లి, ఎప్పుడు వెళ్లారో పేజీ మీద రాయండి. నోట్‌బుక్‌లు బుధవారం మూడో పీరియడ్‌లో తీసుకుంటాను. ఏదైనా అడగాలంటే మంగళ, గురువారాలు మధ్యాహ్నం రెండు తర్వాత హిస్టరీ డిపార్ట్‌మెంట్‌లో ఉంటాను.

మీ హిస్టరీ మేడమ్